మధ్యాహ్నం మూడింటికి ఇంటికి పంపే నోటీసు

ఎండలు ముదిరాక ఆఫీసు టైమింగ్స్ మారుస్తూ మేనేజర్ పెట్టే మెయిల్‌ని ఎవరూ తప్పుపట్టరు. పాపం మన గురించి ఆలోచించాడు అనుకుంటాం, థంబ్సప్ ఎమోజీ పెట్టేస్తాం, అలారం రెండు గంటలు ముందుకి జరుపుకుంటాం. నేను మాత్రం అలాంటి ఒక మెయిల్ మీద ఈ వ్యాసం రాస్తున్నాను. ఎందుకంటే ఆ మెయిల్ మంచి మనసుతో రాసిందే, కానీ లెక్క తప్పు. ఆ తప్పు లెక్క ఫలితం ఏసీ హాల్లో కనపడదు, పార్కింగ్‌లో కనపడుతుంది.

విషయం ఇది. మొన్న మే నెలలో విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను (పేరు అడక్కండి, సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు). ముప్ఫై మందిమి ఉంటాం. మామూలు టైము తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర, మధ్యలో గంట లంచ్. ఒక ఆదివారం సాయంత్రం మా మేనేజర్ సర్ మెయిల్ పెట్టారు. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తే ఇంతే: "తీవ్రమైన ఎండల దృష్ట్యా, ఉద్యోగుల క్షేమం కోసం, రేపటి నుంచి వారం రోజుల పాటు ఆఫీసు వేళలు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు వరకు. లంచ్ అరగంట. అందరూ సహకరించగలరు."

చదవగానే నాకు ఒంటిపూట బడులు గుర్తొచ్చాయి. మీక్కూడా వచ్చే ఉంటాయి. మనం ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్నా, స్కూల్లో అందరూ "హాఫ్ డే స్కూల్స్" అన్నా, ఇంట్లో మాత్రం అది ఒంటిపూట బడే. మార్చి సగం దాటాక పొద్దున్నే వెళ్ళడం, పన్నెండున్నరకి గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తడం. సర్ కూడా ఆ అలవాటులోంచే ఆలోచించి ఉంటారు, ఆయనా ఇక్కడి బళ్ళలో చదివినవారే. కానీ ఒంటిపూట బడిలో రెండు సంగతులున్నాయి. పొద్దున్నే మొదలవుతుంది, పూటకే అయిపోతుంది. మా మెయిల్ మొదటిది తీసుకుంది, రెండోది వదిలేసింది. ఎనిమిది గంటలు ఎనిమిది గంటలే. ఏడుకి ఎనిమిది కలిపితే పదిహేను, అంటే మధ్యాహ్నం మూడు. గోల అంతా ఆ కూడికలోనే ఉంది.

ఎండ ఎక్కువగా ఉండేది మిట్టమధ్యాహ్నం అని మనందరి నమ్మకం. సూర్యుడి వరకూ అది నిజమే. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, ఆ గీత కాకినాడ పక్కనుంచే పోతుంది. అందుకని విజయవాడలో మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండూ అయిదు ప్రాంతంలో, హైదరాబాద్‌లో పన్నెండూ పన్నెండు ప్రాంతంలో. కానీ గాలి వేడి అప్పటికి పూర్తిగా ఎక్కదు. మన ఇంటి మీద ఓవర్‌హెడ్ ట్యాంక్‌ని ఊహించుకోండి. మోటార్ వేసి ఉంది, కింద కుళాయిలు కూడా తిప్పి ఉన్నాయి. మోటార్ పోసే నీళ్ళు కుళాయిల్లోంచి పోయేవాటికన్నా ఎక్కువ ఉన్నంతసేపూ ట్యాంక్‌లో మట్టం పెరుగుతూనే ఉంటుంది. మోటార్ జోరు తగ్గడం మొదలైనా సరే, పోయేదానికన్నా వచ్చేది ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. నేల కూడా అంతే. పన్నెండు దాటాక ఎండ జోరు తగ్గుతున్నా, నేల వదిలే వేడి కన్నా తీసుకునే వేడి ఇంకా ఎక్కువే. నేల గాలిని వేడెక్కిస్తూనే ఉంటుంది. రెండూ సమానమయ్యేసరికి రెండున్నర, మూడు, ఒక్కోరోజు నాలుగు అవుతుంది. మర్నాడు పేపర్లో "విజయవాడలో గరిష్ఠం 43" అని పడే అంకె ఆ సమయానిదే.

అంటే మా ఆఫీసు ముప్ఫై మందినీ క్షేమం కోసమని రోజులో అన్నిటికన్నా వేడిగా ఉన్న గంటలో గేటు బయటికి పంపింది.

ఆ సోమవారం నా ఫోన్లో వాతావరణం యాప్ చూపించిన గంటల పట్టీ నాకు గుర్తుంది, ఎందుకంటే స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టాను. పొద్దున ఏడింటికి 30, తొమ్మిదిన్నరకి 35, పన్నెండుకి 40, మూడింటికి 43, ఆరున్నరకి 38. ఇప్పుడు ఆటోనగర్ అవతల నుంచి బండి మీద వచ్చే మా టీమ్ లీడ్ అన్నని తీసుకుందాం. ఒక వైపు ప్రయాణం నలభై నిమిషాలు. పాత టైము ప్రకారం ఆయన పొద్దున 34, 35 డిగ్రీల్లో వస్తాడు, సాయంత్రం 38లో వెళ్తాడు. మే నెలలో మన దగ్గర పొద్దు గుంకేది ఆరున్నర దాటాక కాబట్టి, వెళ్ళేటప్పుడు నెత్తి మీద ఎండ దాదాపు ఉండదు. కొత్త టైము ప్రకారం పొద్దున 30లో హాయిగా వస్తాడు, మధ్యాహ్నం 43లో, నడి ఎండలో వెళ్తాడు. పొద్దున దిగిన అయిదు డిగ్రీలు మధ్యాహ్నం వడ్డీతో సహా కట్టాడన్నమాట. పైగా మన శరీరం సగటు చూసుకుని ఊరుకోదు. 30లో హాయిగా వచ్చినంత మాత్రాన 43లో దెబ్బ తగ్గదు.

ఆ 43 అంకె కూడా నీడది. వాతావరణ శాఖ వాళ్ళు ఉష్ణోగ్రత కొలిచేది గాలి ఆడేలా చిల్లులున్న తెల్లటి పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెట్టిన థర్మామీటర్‌తో. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగిన మనిషికి ఆ పెట్టె లేదు. పైనుంచి సూర్యుడు, కిందనుంచి తారు రోడ్డు. అలాంటి రోజుల్లో తారు 60 డిగ్రీల దాకా పోగలదు. ముందు ఆగిన బస్సు ఇంజన్ సెగ అదనం.

"బండి మీద వెళ్తుంటే గాలి తగులుతుందిగా" అని మా బ్యాచ్‌మేట్ ఒకడు వాదించాడు. ఇది చాలామంది అనుకునేదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉంటే, తగిలినకొద్దీ మన వేడిని తీసుకుపోతుంది. గాలే 43లో ఉంటే అది వేడిని తీసుకుపోదు, తెచ్చి ఇస్తుంది. హెయిర్ డ్రయర్ ముందు కూర్చున్నట్టు. అప్పుడు మనల్ని చల్లబరిచేది ఒక్క చెమట ఆరడమే. పడమటి నుంచి వీచే పొడి వడగాలిలో చెమట పట్టినట్టు కూడా తెలియకుండా ఆరిపోతుంది, అంటే లోపల నీళ్ళు మనకి తెలియకుండా ఖర్చవుతుంటాయి. సముద్రం మనకి డెబ్భై కిలోమీటర్ల లోపే ఉన్నా, వడగాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఊళ్ళోకి త్వరగా రాలేదు. వచ్చిన రోజున సాయంత్రం అయిదు తర్వాత తేడా స్పష్టంగా తెలుస్తుంది. మూడింటికి వెళ్ళిపోయినవాడికి ఆ లాభం కూడా లేదు.

ఇంకొకటి, శరీరం ఎండకి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అదీ రోజూ కొంతసేపు వేడిలో పని చేస్తుంటేనే. పొద్దున్నుంచీ 24 డిగ్రీల ఏసీలో కూర్చున్న మనకి ఆ అలవాటు ఉండదు. పొలంలో పనిచేసే మనిషి తట్టుకునే ఎండ వేరు, మనం తట్టుకునేది వేరు. గురువారం మా దగ్గర టెస్టింగ్ చేసే ఒకమ్మాయి ఇంటికి చేరాక తలనొప్పి, వాంతులు అని మెసేజ్ పెట్టింది. అది వడదెబ్బకి ముందు మెట్టు. నీడ, నీళ్ళు, ఓఆర్ఎస్, తడిబట్టతో ఆరోజుకి సర్దుకుంది. మెట్టు దాటితే ఎలా తెలుస్తుందో మనలో చాలామందికి తెలీదు. మనిషి మాట తడబడినా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పినా, తూలినా అది ఇంక తలనొప్పి వ్యవహారం కాదు. అప్పుడు నీళ్ళు తాగించడం కాదు చేయాల్సింది. ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడింటికి ఒంటరిగా బండి మీద వెళ్ళే మనిషి మాట తడబడిందో లేదో చూసేవాళ్ళు ఎవరు?

ఇంతవరకూ చెప్పింది ఉద్యోగుల గురించి. ఆ మెయిల్ అందని ఇద్దరున్నారు.

మా ఫ్లోర్ ఊడ్చి తుడిచే అక్క రోజూ ఎనిమిదికి వచ్చి పన్నెండుకి వెళ్ళేది. రెండింటికి ఇంకో ఆఫీసులో పని. మేం ఏడింటికి వస్తామంటే ఆరింటికల్లా ఆవిడ పని మొదలవ్వాలి, అంటే అయింటింపావుకి ఇల్లు కదలాలి. వాళ్ళ వీధిలో మున్సిపల్ కుళాయి వచ్చేదే ఆరింటికి. ఆ వారం నీళ్ళు పట్టే పని ఇంటర్ చదివే కూతురి మీద పడింది. అదైనా సర్దుకుందాం. పదింటికి మా దగ్గర పని అయిపోయింది, రెండో ఆఫీసు టైము మారలేదు. మధ్యలో నాలుగు గంటలు. ఇంటికెళ్ళి రావాలంటే రెండు షేర్ ఆటోలు, రెండు ఎండ ప్రయాణాలు, ఇల్లేమో రేకుల ఇల్లు. "ఇంటికెళ్ళి ఏం చేస్తానమ్మా, ఇల్లు పెనం మీద ఉన్నట్టుంటది" అంది. ఆ నాలుగు గంటలూ మా మెట్ల కింద కూర్చుంది. మేం లోపల కూర్చోమంటే మొదటిరోజు రాలేదు. మూడోరోజు నుంచి ప్యాంట్రీలో కుర్చీలో కూర్చుంది, అదీ సర్ ఒకసారి చూసి ఏమీ అనలేదు కాబట్టి.

రెండో మనిషి గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్. ఆయన ఏజెన్సీ మనిషి, ఆఫీసు మెయిల్ లిస్టులో ఉండడు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ. ఏడింటికి గేటు తీయాలి కాబట్టి ఆ వారం ఆయనకి గంట ముందు మొదలైంది, చివర మాత్రం మారలేదు. కూర్చునేది రేకు క్యాబిన్‌లో. బిల్డింగ్ మొత్తం మీద ఎండ దెబ్బ తగిలే అవకాశం ఎవరికి ఎక్కువ అని అడిగితే చిన్నపిల్లాడైనా ఆయన్నే చూపిస్తాడు. ఎండల దృష్ట్యా వచ్చిన నోటీసు వల్ల ఎక్కువ సేపు ఎండలో ఉన్నది ఆయనొక్కడే.

ఎండ కోసం పని వేళలు మార్చడం మనకి కొత్తేం కాదు, బాగా చేసిన ఉదాహరణలున్నాయి. ఉపాధి హామీ పనులకి మన ఊళ్ళలో ఎండాకాలం తెల్లారేసరికే వెళ్తారు, ఎండ ఎక్కేలోపు వచ్చేస్తారు. చాలా ఏళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ దానికి వేసవి అలవెన్సు ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో అదే కూలికి 30 శాతం దాకా తక్కువ మట్టి తవ్వినా లెక్క సరిపోయేది. అంటే టైము జరపడమే కాదు, పని పరిమాణం కూడా తగ్గించారు. అసలు రహస్యం అదే. ఎండలో పొద్దున్న వాడుకోదగ్గ గంటలు నాలుగో అయిదో ఉంటాయి, ఎనిమిది ఉండవు. ఎనిమిది ఇరికించాలంటే ఏదో ఒక చివర ఎండలోకి పొడుచుకొస్తుంది.

గల్ఫ్ దేశాల పద్ధతి ఇంకో రకం. మన కరీంనగర్ నుంచీ, కోనసీమ నుంచీ అక్కడికెళ్ళిన బాబాయిలూ మామయ్యలూ ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకూ ఆరుబయట పని నిషేధం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేననను, అమలు గురించి ఎన్నో ఫిర్యాదులున్నాయి. కానీ ఆ నియమం రాసిన తీరు చూడండి. ఎన్నింటికి రావాలో చెప్పదు, ఏ గంటల్లో బయట ఉండకూడదో చెప్తుంది. మా సర్ మెయిల్ ఎన్నింటికి రావాలో చెప్పింది, ఏ గంటల్లో బయట ఉండకూడదో ఆలోచించలేదు.

మనం ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. ముందు షరతు రాసుకోవాలి, టైము దాన్నుంచి తేలాలి. షరతు ఒక్కటే: పన్నెండు నుంచి అయిదు మధ్య ఈ ఆఫీసు పని మీద ఎవరూ ఎండలో ఉండే అవసరం రాకూడదు. ఇది పెట్టుకుంటే మూడింటికి వదలడం మొదటి అడుగులోనే కొట్టుకుపోతుంది. మిగిలేవి రెండే దారులు. ఏడింటికి వచ్చి పదకొండున్నరకల్లా వెళ్ళిపోయి, మిగతా పని సాయంత్రం ఇంటి నుంచి చేసుకోవడం. లేదా ఎప్పట్లాగే వచ్చి, పొద్దుపోయాక వెళ్ళడం. రెండోది వింటే ఏమీ మార్చనట్టుంది. కానీ మాలాంటి ఏసీ ఆఫీసుకి పాత తొమ్మిదిన్నర, ఆరున్నరే మూడింటి కన్నా మెరుగు. నోటీసే పెట్టకపోయినా ఆ వారం ఇంతకన్నా చల్లగా గడిచేది.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఇంటికి పంపడం అందరికీ మేలు కాదు. నేనుండే హాస్టల్ గది పై అంతస్తు. పగలంతా స్లాబ్ తాగిన వేడి రాత్రంతా కక్కుతూనే ఉంటుంది, ఒంటిగంట దాటితే గానీ నిద్ర పట్టదు. ఏడింటి ఆఫీసు అంటే అయిదున్నరకి లేవాలి. నాలుగు గంటల నిద్రతో అయిదు రోజులు నడిపాక శుక్రవారం నేను రాసిన కోడ్ చూస్తే నాకే జాలేసింది. నిద్ర తక్కువైన ఒంటికి ఎండ తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. మూడింటికి ఆ గదికి వెళ్ళడం కన్నా ఆరింటి దాకా ఆఫీసులో ఉండడం నాకు వెయ్యి రెట్లు నయం. కానీ మూడున్నరకి హౌస్‌కీపింగ్ పేరుతో ఏసీలు ఆపేశారు. కరెంటు బిల్లు కూడా ఈ నోటీసు వెనకాల ఉందేమో అని మా అన్న గుసగుసలాడాడు, అది నాకు తెలీదు కాబట్టి వదిలేస్తున్నా.

ఇక సర్వర్ల వైపు ఏం జరిగిందో చెప్పకపోతే ఈ మ్యాగజైన్‌లో నా పరువు పోతుంది. మా దగ్గర డేటాబేస్ బ్యాకప్ రోజూ ఇలా నడుస్తుంది:

```
30 1 * * * /opt/jobs/backup.sh
```

సర్వర్ యూటీసీలో ఉంది. ఒంటిగంటన్నర యూటీసీ అంటే మనకి పొద్దున ఏడు. ఎవరూ లేని టైము అని ఎప్పుడో ఎవరో పెట్టారు. ఆ వారం ఏడింటికి ముప్ఫై మంది లాగిన్ అయ్యేసరికి బ్యాకప్ కూడా మొదలై, మొదటి నలభై నిమిషాలు అన్నీ నత్తనడక నడిచాయి. రెండు రోజులు నెట్ బాలేదనుకున్నారు. మంగళవారం మా అన్న ఈ లైను పట్టుకుని గంటల అంకె మార్చాక సర్దుకుంది. ఇది చిన్న విషయమే, కానీ ఆఫీసు టైము అంటే మనుషులు వచ్చిపోయే టైము ఒక్కటే కాదని దీంతో తెలిసింది. దానికి కట్టేసి ఉన్నవి చాలా ఉంటాయి, వాటికి మెయిల్ రాదు.

అన్నిటికన్నా పెద్దగా కట్టేసి ఉన్నది క్లయింట్ కాల్. వాళ్ళది అమెరికా తూర్పు తీరం. మే నెలలో మనకీ వాళ్ళకీ తొమ్మిదిన్నర గంటల తేడా. వాళ్ళు పొద్దున తొమ్మిదిన్నరకి కూర్చుంటే మనకి రాత్రి ఏడు. ఆ కాల్ రోజూ ఏడు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆరున్నరకి పని అయ్యాక ఇంకాసేపు ఆగి, కాల్ చేసుకుని వెళ్ళిపోతారు. తొమ్మిదిన్నర నుంచి ఎనిమిది, అంటే పదిన్నర గంటల రోజు. కొత్త టైములో కాల్ కదల్లేదు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది, పదమూడు గంటలు. మధ్యలో నాలుగు గంటల ఖాళీ ఉన్నమాట నిజమే, కానీ అందులో నలభై నిమిషాలు 43 డిగ్రీల రోడ్డు మీద పోయింది, మిగతాది వేడెక్కిన గదిలో. ఎవరి పని గంటలూ పెరగలేదని మెయిల్ ప్రకారం నిరూపించొచ్చు. మా టీమ్ లీడ్ అన్న కళ్ళు చూస్తే మాత్రం ఇంకోటి తెలుస్తుంది.

సర్‌ని నేను విలన్‌ని చేయట్లేదు. ఆయన చేతిలో ఉన్నది తక్కువ. సెలవు ఇచ్చే అధికారం లేదు, గంటలు తగ్గించే అధికారం లేదు, క్లయింట్‌ని కదిలించడం కష్టం. కదపగలిగింది గడియారం ఒక్కటే, అదే కదిపారు. 2015 మే నెలలో వడగాలులకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఆ రోజులు ఇక్కడ పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు. అలాంటప్పుడు ఏదో ఒకటి చేయాలనిపించడం సహజం. నా అభ్యంతరం ఆ ఏదో ఒకటి మీదే. వారం రోజులు అనే లెక్క కూడా అలాంటిదే. సోమవారం మొదలై శనివారం అయిపోవడానికి వడగాలికి పేరోల్ లేదు కదా. మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ రేపు, ఎల్లుండి ఏ మండలాల్లో వడగాల్పులు ఉంటాయో పేర్లతో సహా ముందే చెప్తోంది. దాన్ని బట్టి ఏ రోజుకా రోజు నిర్ణయించొచ్చు అని మొదట నేనూ అనుకున్నా. కానీ ఊడ్చే అక్కతో మాట్లాడాక అది కుదరదనిపించింది. కుళాయి, షేర్ ఆటో, రెండో ఆఫీసు ఉన్న మనిషికి రాత్రి తొమ్మిదింటికి టైము మార్చి చెప్తే మోసినట్టే. అందుకని వారం మొత్తానికి ఒకే టైము ఉంచి, ఎర్ర హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం బయటికి రాకుండా ఉండే వీలు అదనంగా ఇవ్వడం మేలు.

శుక్రవారం లంచ్‌లో కూర్చుని నేనే ఒక నోటీసు రాశాను. తెలుగులో, గేటుకి అంటించేలా:

"సోమవారం నుంచి శనివారం దాకా ఆఫీసు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు తెరిచే ఉంటుంది, ఏసీలు నడుస్తాయి. ఏడింటికి వచ్చినవాళ్ళు పదకొండున్నరలోపు వెళ్ళిపోవచ్చు, మిగతా పని ఇంటి నుంచి. ఉండాలనుకున్నవాళ్ళు సాయంత్రం దాకా ఉండొచ్చు. పన్నెండు, అయిదు మధ్య ఎవరినీ పని మీద బయటికి పంపం. క్లయింట్ కాల్‌కి టీమ్‌కి ఒక్కరు చాలు, వంతులవారీగా. ఊడ్చే పని టైము మారదు. వాచ్‌మన్ కుర్చీ పన్నెండు నుంచి అయిదు దాకా లోపల లాబీలో ఉంటుంది, గేటుకి బెల్ పెట్టాం. ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలో నంబర్ కింద ఉంది."

ఇందులో ఖర్చయ్యేవి రెండే, మధ్యాహ్నం ఏసీ, గేటు బెల్. ఏడింటికి ఊడ్చకుండా ఉన్న ఫ్లోర్ మీద కూర్చోవాల్సి వస్తుంది, అది మనం భరించొచ్చు.

మా అన్న చదివి, "బెల్ వరకూ ఓకేరా. ఒక్కరు చాలు అంటే క్లయింట్ ఒప్పుకోడు" అన్నాడు. తర్వాత సర్‌కి ఫార్వర్డ్ చేశాడు, నన్ను అడక్కుండానే. ఆదివారం రాత్రి సర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రేపటి నుంచి పాత టైమింగ్సే అని ఉంది, ఎందుకో రాయలేదు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్ళేసరికి లాబీలో స్విచ్‌బోర్డ్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది, ఎలక్ట్రీషియన్ గేటు దాకా వైరు లాగుతున్నాడు. బాబాయ్ మాత్రం ఇంకా క్యాబిన్‌లోనే ఉన్నాడు. బెల్ పని చేస్తుందని నమ్మకం కుదిరాక వస్తాడట.